పై అధికారికి కృతజ్ఞతా లేఖ: కింది ఉద్యోగి పనికి కూడా గుర్తింపు దక్కేలా

ప్రభుత్వ కార్యాలయంలో పని త్వరగా పూర్తయినప్పుడు పై అధికారికి రాసే ఉత్తరం రెండు పనులు చేయాలి. నిర్ణయం తీసుకున్న అధికారికి కృతజ్ఞత చెప్పాలి. ఆ నిర్ణయం దాకా కాగితాలను నడిపించిన ఉద్యోగి ఏం చేశారో కూడా చూపాలి. సంతకం పెట్టేది పై అధికారి అయినా, ఆ ఫైలు ఏ తప్పూ లేకుండా తన బల్ల మీదికి రావడానికి ఎవరు శ్రమించారో ఆయనకు అన్నిసార్లూ తెలియదు. ఆ సంగతి ప్రజల నుంచే తెలియాలి.

తపాలా శాఖలో తరచూ ఎదురయ్యే ఒక వ్యవహారాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఒక చిన్న పట్టణంలో ఖాతాదారు 2024 నవంబరులో మరణించారు. ఆయన పేరిట పోస్టాఫీసులో ఉన్న 3 లక్షల రూపాయల డిపాజిట్‌కు నామినీ లేరు. ఇలాంటప్పుడు 5 లక్షల వరకు సొమ్మును, మరణించి 6 నెలలు గడిచాక, కోర్టు పత్రం లేకుండానే వారసులకు చెల్లించే వీలుంది. క్లెయిమ్ దరఖాస్తుతో పాటు మరణ ధ్రువీకరణ పత్రం, పాస్‌బుక్, అఫిడవిట్, మిగతా వారసులు తమ వాటా వదులుకుంటున్నట్టు ఇచ్చే పత్రం, ఇండెమ్నిటీ బాండు కావాలి. ఎంత మొత్తాన్ని ఏ స్థాయి అధికారి మంజూరు చేయవచ్చో శాఖ పరిమితులు పెట్టింది. ఈ ఫైలు సబ్ పోస్టాఫీసు నుంచి డివిజన్ సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లిందనుకుందాం.

ఇలాంటి క్లెయిములు ఎక్కువగా ఆగేది కాగితాల లోపాల వల్లే. ఒక సాక్షి సంతకం లేకపోయినా, పాస్‌బుక్‌లో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు ఉన్నా ఫైలు వెనక్కి వస్తుంది. వారసులను మళ్లీ పిలిపించి, సరిచేసి పంపేసరికి వారాలు గడిచిపోతాయి. మన ఉదాహరణలో కౌంటర్‌లోని పోస్టల్ అసిస్టెంట్ మొదటి రోజే కావలసిన పత్రాలన్నీ ఒక కాగితం మీద రాసిచ్చారు. కాగితాలు తెచ్చిన రోజున ఒక్కో పేజీ చూసి, కూతురు ఇచ్చిన పత్రంలో సాక్షి సంతకం లేదని పట్టుకున్నారు. ఫైలు పైకి వెళ్లకముందే ఆ లోపం తీరింది. ఉత్తరంలో రాయవలసిన అసలు సంగతి ఇదే.

ఉత్తరం ఇలా ఉండవచ్చు:

“గౌరవనీయులైన తపాలా సూపరింటెండెంట్ గారికి,

విషయం: మరణించిన ఖాతాదారు క్లెయిమ్‌ను త్వరగా పరిష్కరించినందుకు కృతజ్ఞతలు, పోస్టల్ అసిస్టెంట్ శ్రీమతి........ గారి సేవ గురించి.

నా భర్త కీ.శే. ........ గారి డిపాజిట్ (ఖాతా చివరి నాలుగు అంకెలు ....) సొమ్ము కోసం 2025 జూన్ 16న ........ సబ్ పోస్టాఫీసులో దరఖాస్తు ఇచ్చాను. జూన్ 25న మీరు మంజూరు చేశారు. 27న సొమ్ము నా ఖాతాలో జమ అయింది. మా అబ్బాయి కాలేజీ ఫీజు గడువులోగా కట్టగలిగాం. మీకు మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు.

కౌంటర్ 2లో పనిచేసే శ్రీమతి ........ గారు జూన్ 9న కావలసిన పత్రాల జాబితా రాసిచ్చారు. 16న కాగితాలన్నీ పరిశీలించి, మా అమ్మాయి పత్రంలో సాక్షి సంతకం లేదని చూపించి, అక్కడికక్కడే సరిచేయించారు. అందువల్ల మేము మళ్లీ తిరగవలసిన అవసరం రాలేదు. సబ్ పోస్ట్‌మాస్టర్ గారు అదే రోజు ఫైలును మీ కార్యాలయానికి పంపారు. వారి పని మీ దృష్టికి రావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇట్లు, భవదీయురాలు,
(సంతకం, చిరునామా, తేదీ)

ప్రతి: సబ్ పోస్ట్‌మాస్టర్, ........”

ఈ ఉత్తరంలో “ఎంతో మంచివారు”, “చాలా ఓపిక” వంటి మాటలు లేవు. తేదీ, చేసిన పని, దాని ఫలితం మాత్రమే ఉన్నాయి. అందుకు కారణముంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి పనిపై ప్రతి సంవత్సరం పై అధికారి పనితీరు నివేదిక రాస్తారు. బయటి వ్యక్తి మెచ్చుకుంటూ రాసిన ఉత్తరం తనంతట తానుగా ఆ దస్త్రంలోకి చేరదు. మామూలు విధిని మించిన సేవ గురించి చెప్పినప్పుడు, చేర్చాలో వద్దో శాఖాధిపతి స్థాయిలో నిర్ణయిస్తారు. పొగడ్త మాటలతో నిండిన ఉత్తరం ఆ నిర్ణయానికి ఏ ఆధారమూ ఇవ్వదు. తేదీలతో చెప్పిన పనినైతే అధికారి తన రికార్డులతో సరిచూసుకోగలరు. దస్త్రంలో చేరకపోయినా, ఆ ఉద్యోగి పేరు, పని ఆయనకు తెలుస్తాయి.

మంచి ఉద్దేశంతో రాసిన మాటే కింది ఉద్యోగికి చేటు తెచ్చే సందర్భాలూ ఉన్నాయి. “నిబంధనలు పక్కనపెట్టి మరీ సాయం చేశారు” అనే వాక్యం రాసేవారి దృష్టిలో మెప్పు. పై అధికారికి అది ఉద్యోగి నియమం తప్పారని లిఖితపూర్వకంగా అందిన సమాచారం. “లైన్‌లో నిలబడకుండా ముందే చూశారు”, “ఫారం మొత్తం ఆవిడే నింపి మా చేత సంతకం పెట్టించుకున్నారు” వంటివీ అంతే. సాయం నియమాల లోపలే జరిగిందని కనిపించేలా రాయాలి. పై ఉత్తరంలో సంతకం “సరిచేయించారు” అని ఉంది, సర్దుకుపోయారని లేదు. ఆ తేడా ముఖ్యం.

మధ్యలో ఉన్న అధికారిని వదిలేయడం మరో పొరపాటు. అసిస్టెంట్‌కు, సూపరింటెండెంట్‌కు నడుమ సబ్ పోస్ట్‌మాస్టర్ ఉంటారు. ఆయన ప్రస్తావనే లేకుండా కింది ఉద్యోగి గురించి పైకి ఉత్తరం వెళితే, ఆ ఉద్యోగి తనను దాటి పేరు తెచ్చుకోవాలని చూశారన్న అనుమానానికి తావిచ్చినట్టవుతుంది. ఒక్క వాక్యం, చివర ఒక ప్రతి ఆ ఇబ్బందిని తొలగిస్తాయి. అలాగే “ఇదివరకు ఉన్నవారు పట్టించుకునేవారు కాదు” అని పోల్చడం, చివర్లో మరో పని చేసిపెట్టమని అడగడం తగదు. మొదటిది కృతజ్ఞతను ఫిర్యాదుగా మారుస్తుంది, రెండోది సిఫారసుగా మారుస్తుంది. ఫిర్యాదు ఉంటే దాన్ని వేరే ఉత్తరంగా పంపాలి.

ఉత్తరంతో పాటు స్వీట్ల డబ్బా, శాలువా వంటివి పంపకూడదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి, 1964 బహుమతులపై ఆంక్షలు పెట్టింది. ముందస్తు అనుమతి లేకుండా సన్మాన పత్రాలు స్వీకరించడాన్నీ, తమ గౌరవార్థం జరిపే సభలకు హాజరవడాన్నీ మామూలుగా అనుమతించదు. ఫ్రేము కట్టించిన ప్రశంసా పత్రాన్ని కౌంటర్ దగ్గర నలుగురి ముందు ఇవ్వడం ఉద్యోగిని ఇరుకున పెడుతుంది. తెల్లకాగితం మీద రాసి అధికారికి పంపిన మామూలు ఉత్తరంతో ఆ చిక్కు రాదు.

పేరు, హోదా తప్పు పడితే మెప్పు వేరొకరికి చేరవచ్చు. కౌంటర్ మీద ఉన్న పేరు పలక చూసి గానీ, కార్యాలయంలో అడిగి గానీ నిర్ధారించుకోవాలి. పేరు తెలియకపోతే కౌంటర్ సంఖ్య, తేదీ, సమయం రాసినా అధికారి గుర్తించగలరు. ఖాతా సంఖ్య పూర్తిగా రాయనవసరం లేదు. చివరి అంకెలు, దరఖాస్తు తేదీ చాలు. సొమ్ము చేతికి అందాకే ఉత్తరం రాయాలి. మంజూరు కాకముందే పంపితే అది ఒత్తిడిలా కనిపిస్తుంది. నెలలు దాటితే వివరాలు మరుగున పడతాయి. అందిన వారం, రెండు వారాల్లో రాయడం మేలు. స్పీడ్ పోస్టులో పంపవచ్చు, లేదా డివిజన్ కార్యాలయంలో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోవచ్చు. జవాబు రాకపోయినా మళ్లీ గుర్తుచేయవలసిన పని లేదు, ఎందుకంటే అధికారి నుంచి ఏదీ కోరని ఉత్తరం ఇది.