బ్యాచ్ నంబరు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఆన్‌లైన్‌లో సగం ధరకు దొరికిన క్రీము అసలుదా, నకిలీదా అని అనుమానం వస్తే ఇప్పుడు చాలామంది డబ్బా అడుగున ఉన్న బ్యాచ్ నంబరు చూసి CheckFresh, CheckCosmetic లాంటి వెబ్‌సైట్లలో కొడుతున్నారు. ఫలానా నెలలో తయారైందని, ఇంకో రెండేళ్లు వాడొచ్చని జవాబు వస్తుంది. అసలుదేనని నమ్మకం కుదిరి మూత తీస్తారు. కానీ ఆ వెబ్‌సైటు చెప్పింది తారీఖు మాత్రమే. ఆ అక్షరాలను, అంకెలను లెక్కగట్టి నెలా ఏడాదీ తేల్చడం వరకే దాని పని. అది కంపెనీ నడిపేది కాదు. మన చేతిలో ఉన్న డబ్బా ఎక్కడ తయారైందో తెలుసుకునే దారి దానికి లేదు.

ఫ్యాక్టరీలో ఒక విడతగా కలిపిన సరుకునంతా ఒక బ్యాచ్ అంటారు. ఆ విడతలో నిండిన డబ్బాలు ఎన్ని వేలున్నా అన్నిటి మీదా ఒకటే నంబరు. అంటే నకిలీ చేసేవాడు షాపులో ఒక అసలు డబ్బా కొని, దాని నంబరునే తన సరుకు మొత్తం మీద అచ్చు కొట్టుకోవచ్చు. వెబ్‌సైటులో అదీ చక్కగా సరిపోతుంది. కాబట్టి నంబరు సరిపోయినంత మాత్రాన ఏమీ రుజువు కాదు. సరిపోకపోతే మాత్రం అది గట్టి ఆధారం. బ్యాచ్ నంబరును తప్పు పట్టుకోవడానికే వాడాలి, ధైర్యం తెచ్చుకోవడానికి కాదు.

అది ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. క్లినిక్, మ్యాక్ బ్రాండ్ల యజమాని ఎస్టీ లాడర్ సంస్థ చాలా ఏళ్లుగా మూడు గుర్తుల కోడ్ వాడుతోంది. మొదటి అక్షరం ఫ్యాక్టరీది, రెండోది నెల, మూడోది ఏడాదిలో చివరి అంకె. నెలల్లో 1 నుంచి 9 దాకా అంకెలు, అక్టోబరుకు A, నవంబరుకు B, డిసెంబరుకు C. మీకొచ్చిన క్రీము అట్టపెట్టె అడుగున A34 అని ఉందనుకోండి. మూడో నెల, 4తో ముగిసే ఏడాది, అంటే 2024 మార్చి. పెట్టె మీది స్టిక్కరులోనూ తయారీ 2024 మార్చి అనే ఉంది. ఇక్కడితో ఆగిపోతే అంతా బాగున్నట్టే. ఇప్పుడు డబ్బా బయటికి తీసి తిరగేయండి. దాని అడుగున A81 ఉంది. అది 2021 ఆగస్టు. కొత్త పెట్టెలో పాత డబ్బా పెట్టారు, లేదా ఖాళీ డబ్బా సంపాదించి ఇంకేదో నింపారు. ఏది జరిగినా అది మొహానికి పూసుకోదగింది కాదు.

ఈ పద్ధతిలో ఇంకో చిక్కుంది. ఏడాదికి ఒక్క అంకే కాబట్టి పదేళ్లకోసారి అదే కోడ్ మళ్లీ వస్తుంది. A34 అంటే 2014 మార్చి కూడా కావచ్చు. వెబ్‌సైటు సాధారణంగా దగ్గరి ఏడాదినే చూపిస్తుంది. డబ్బా రూపు, లేబుల్ డిజైన్ కంపెనీ ఇప్పుడు అమ్ముతున్నట్టే ఉన్నాయా అని పోల్చి చూస్తేనే ఈ సందేహం తీరుతుంది.

మన దేశంలో తయారైన సరుకుకు ఈ లెక్కలు అక్కర్లేదు. తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు నెలా ఏడాదీ లేబుల్ మీద ఉండాలని 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ చెబుతున్నాయి. బాగా చిన్న ప్యాకింగులకు బ్యాచ్ నంబరు విషయంలో మినహాయింపు ఉంది. గడువు చదవడంలోనూ ఒక మెలిక ఉంది. ‘యూజ్ బిఫోర్’ అని నెల రాస్తే ఆ నెల మొదలయ్యే లోపే వాడెయ్యాలి. ‘ఎక్స్‌పైరీ’ అని రాస్తే ఆ నెలాఖరు దాకా పనికొస్తుంది.

గడువు దిద్దేవాళ్లు దొరికిపోయేది అచ్చు దగ్గరే. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు మామూలుగా ఒకే మెషీను మీద ఒకేసారి పడతాయి కాబట్టి సిరా, అక్షరాల తీరు, వరుస ఒకేలా ఉండాలి. పాత తేదీని థిన్నరుతో తుడిచి కొత్తది కొడితే ఆ ఒక్క చోట అట్ట మెరుపు చచ్చిపోతుంది. పెట్టెను వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూస్తే ఆ మచ్చ కనిపిస్తుంది. ట్యూబులకైతే చివర నొక్కి మూసిన అంచు మీద చాలాసార్లు అంకెలు లోతుగా పడి ఉంటాయి. వాటిని చెరపడం కష్టం. పెట్టె మీది నంబరును వాటితో పోల్చుకోండి. ఎమ్మార్పీ స్టిక్కరు కింద ఇంకో స్టిక్కరు ఉంటే గోటితో లేపి చూడాల్సిందే.

విదేశీ సరుకు ఇక్కడ అమ్మాలంటే దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు లేబుల్ మీద ఉండి తీరాలి. కొరియా సీరమ్ అంటూ ఆన్‌లైన్‌లో కొన్నదాని మీద ఇవేవీ లేకపోతే అది నకిలీయైనా అయ్యుండాలి, దొంగదారిన వచ్చినదైనా అయ్యుండాలి. రెండోదైతే పర్లేదనుకునేవాళ్లతో నేను ఏకీభవించను. ఎండలో ఏ గోడౌనులో ఎన్నాళ్లు మగ్గిందో చెప్పేవాడు ఉండడు, తేడా వస్తే జవాబుదారీ ఉండడు.

అమెరికా నుంచి అక్కో బావో తెచ్చిన క్రీము సంగతి వేరు. దాని మీద దిగుమతి స్టిక్కరు ఉండదు. చాలాసార్లు గడువు తేదీ కూడా ఉండదు, ఎందుకంటే అక్కడి చట్టం కాస్మెటిక్స్ మీద గడువు తేదీ వేయమని పట్టుబట్టదు. యూరప్‌లోనూ 30 నెలలకు మించి నిలవుండే సరుకుకు అది తప్పనిసరి కాదు. బదులుగా మూత తెరిచిన డబ్బా బొమ్మ, దాంట్లో 12M లాంటి అంకె ఉంటుంది. మూత తీశాక పన్నెండు నెలలని అర్థం. మూత తీసిన తేదీని డబ్బా మీద పెన్నుతో రాసుకోకపోతే ఆ అంకె ఉన్నా లేనట్టే.

ఇన్ని చూసినా కంటికి దొరకనివి ఉన్నాయి. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో తెల్లబరిచే క్రీములు వాడినవాళ్లకు మూత్రపిండాల జబ్బు వచ్చినట్టు వైద్యులు గుర్తించారు. కారణం క్రీముల్లోని పాదరసం. వాటిలో కొన్నిటి మీద తయారీదారు వివరాలే లేవు. పాదరసానికి వాసన, రంగు తేడా ఏమీ తెలియవు, ల్యాబులో పరీక్షిస్తేనే బయటపడుతుంది. అలాగే సి విటమిన్ సీరమ్ ముదురు నారింజ రంగుకు తిరిగితే నకిలీ అనేయకూడదు. గాలి తగిలి పాతబడినా అలాగే మారుతుంది.

అందుకే కొనేముందే అమ్మేవాడి పేరు చూడాలి. పెద్ద సైటులో కనిపించినంత మాత్రాన ఆ సైటే అమ్ముతోందని కాదు. ఒకే పేజీలో ఒకే సీరమ్‌ను పది మంది అమ్ముతుంటారు. ‘సోల్డ్ బై’ దగ్గర ఉన్న పేరును నొక్కి, బ్రాండ్ సొంత వెబ్‌సైటులో ఇచ్చిన అధీకృత విక్రేతల జాబితాలో ఉందేమో చూసుకోండి.

అనుమానం వచ్చిన సరుకును పారేయొద్దు, వాడొద్దు. పెట్టె ఆరు వైపులా, డబ్బా అడుగు, విక్రేత పేరు కనిపించే బిల్లు ఫొటోలు తీసి కంపెనీకి పంపితే, ఆ బ్యాచ్ మన దేశానికి వచ్చిందో లేదో వాళ్లు చెప్పగలరు. ఆన్‌లైన్ సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అక్కడ పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. నకిలీ సరుకు మీద కేసు పెట్టే అధికారం రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగానిది. డబ్బు తిరిగి ఇస్తాం, సరుకు పంపెయ్యండి అని విక్రేత తొందరపెడితే ముందు ఫొటోలు తీసుకుని ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బా ఒకసారి వెనక్కి వెళ్లిందంటే డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు చూపించడానికి మీ చేతిలో ఏమీ మిగలదు.