రెండు వందల ఒకటో యూనిట్ ఖరీదు

వేసవిలో కరెంటు బిల్లు పెరిగితే ఎవరూ ఆశ్చర్యపోరు. కానీ వాడకం కొంచెమే పెరిగి బిల్లు ఒక్కసారిగా ఎగబాకితే మాత్రం మీటరు పాడైందేమోనని అనుమానం వస్తుంది, రీడింగ్ తీసిన మనిషి మీద కోపమూ వస్తుంది. చాలాసార్లు మీటరు తప్పేమీ ఉండదు. అసలు సంగతి ధరల పట్టికలోనే ఉంటుంది.

తెలంగాణలో 2022-23లో ఖరారైన గృహ విద్యుత్ ధరలనే తీసుకుందాం. ఒక ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాన్లు, టీవీ, మోటారు అన్నీ కలిపి నెలకు 165 యూనిట్లు కాలుతున్నాయి. నెలకు వంద దాటి రెండు వందల లోపు వాడేవారికి మొదటి వంద యూనిట్లకు రూ.3.40, ఆపైన వాటికి రూ.4.80 చొప్పున పడుతుంది. అంటే మొదటి వందకు రూ.340, మిగిలిన 65కి రూ.312. మొత్తం రూ.652. మరుసటి నెల ఎండలు ముదిరి ఆరు రాత్రులు ఏసీ వేశారు. రాత్రికి ఆరేసి యూనిట్ల చొప్పున 36 యూనిట్లు అదనంగా కాలి లెక్క 201కి చేరింది.

ఇంటివాళ్లు వేసుకునే లెక్క సూటిగానే ఉంటుంది: 36 యూనిట్లు, ఒక్కోటి ఐదు రూపాయల లోపే, కాబట్టి మహా అయితే 170, 180 రూపాయలు పెరగాలి. వచ్చిన బిల్లులో విద్యుత్ చార్జీ మాత్రం రూ.1,027.70. పెరిగింది రూ.375.70! ఆ ఏసీ యూనిట్లు ఒక్కోటి పది రూపాయలకు పైనే పడ్డాయన్నమాట. పట్టికలో 201వ యూనిట్ ధర రూ.7.70 మాత్రమే. మరి మిగతాది ఎక్కడి నుంచి వచ్చింది?

రెండు వందలు దాటగానే ఆ ఇల్లు వేరే తరగతిలోకి మారిపోతుంది. ఈ తరగతికి మొదటి రెండు వందల యూనిట్లకూ ఒకటే ధర, రూ.5.10. అంటే నెల మొదట్లో రూ.3.40 చొప్పున వాడుకున్నామనుకున్న వంద యూనిట్లను మళ్లీ కొత్త ధరకు లెక్కగడతారు. అక్కడ ఒక్కోదానికి రూ.1.70 చొప్పున రూ.170 పెరుగుతుంది. రెండో వందకు ముప్పై పైసల చొప్పున మరో రూ.30. దీనికి 201వ యూనిట్ సొంత ధర రూ.7.70 కలిపితే మొత్తం రూ.207.70. సరిగ్గా 200 దగ్గర ఆగి ఉంటే చార్జీ రూ.820. ఆ ఒక్క యూనిట్ దానిని రూ.1,027.70 చేసింది.

వంద దగ్గరా ఇలాంటి మెట్టే ఉంది, కాకపోతే చిన్నది. వంద యూనిట్ల వరకు వాడే ఇంటికి మొదటి యాభై రూ.1.95, తర్వాతి యాభై రూ.3.10, మొత్తం రూ.252.50. నూట ఒకటి అయితే రూ.344.80. అక్కడ ఒక్క యూనిట్‌కు తొంభై రెండు రూపాయల పైచిలుకు పెరుగుతుంది.

అదే 300 దగ్గర అలాంటిదేమీ జరగదు. 300 యూనిట్లకు రూ.1,790, 301కి రూ.1,799. తేడా తొమ్మిది రూపాయలే. అంతకుముందు వాడిన వాటి ధర కదలదు, కొత్త యూనిట్ ఒక్కటే ఎక్కువ ధరకు పడుతుంది. ఈ పద్ధతిని విద్యుత్ శాఖ భాషలో టెలిస్కోపిక్ అంటారు. వంద, రెండు వందల దగ్గర ఉన్నది నాన్ టెలిస్కోపిక్. కాబట్టి శ్లాబు మారిన ప్రతిసారీ బిల్లు ఎగురుతుందనుకోవడం సరికాదు. పాత యూనిట్లను మళ్లీ లెక్కగట్టే చోటే ఎగురుతుంది.

ఇంత పెద్ద మెట్టు ఎందుకు కట్టారంటే, దానికీ ఒక లెక్క ఉంది. ఒక యూనిట్‌ను ఇంటిదాకా చేర్చడానికి సగటున అయ్యే ఖర్చు ఆ ధరలు ఖరారైన నాటికే ఏడు రూపాయల చుట్టూ ఉంది. వంద యూనిట్లు వాడే ఇంటికి సగటున పడేది రూ.2.52. ఆ లోటును ప్రభుత్వ సబ్సిడీతోనో, ఎక్కువ ధర కట్టే ఇతర వినియోగదారులతోనో పూడ్చాలి. రెండు ఏసీలున్న ఇంటికి కూడా మొదటి యాభై యూనిట్లు రూ.1.95కే ఇస్తే ఆ రాయితీ అవసరం లేని చోటికీ పోతుంది. అందుకే గీత దాటినవారి దగ్గర దానిని వెనక్కి తీసుకుంటారు. ఉద్దేశం అర్థమయ్యేదే. చిక్కల్లా 201 యూనిట్ల ఇంటిని, 500 యూనిట్ల ఇంటిని ఒకే గాటన కట్టడంలో ఉంది. ఆదాయపు పన్నులో రిబేటు పరిమితిని స్వల్పంగా దాటినవారికి, పెరిగిన ఆదాయం కంటే పన్ను ఎక్కువ కాకుండా సర్దుబాటు చేస్తారు. కరెంటు బిల్లులో అలాంటి వెసులుబాటు లేదు.

ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒకప్పుడు వాడకాన్ని బట్టి ఎ, బి, సి గ్రూపులుండేవి. 2022-23 ధరలతో వాటిని ఎత్తేసి అందరికీ ఒకే పట్టిక పెట్టారు. తొలి 30 యూనిట్లు రూ.1.90, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు రూ.4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు రూ.8.75. ఈ లెక్కన 200 యూనిట్లకు రూ.867, 201కి రూ.873. ఎగుడు లేదు. అలాగని ఏపీ పద్ధతి అందరికీ చవక అని కాదు. సర్దుబాటు చార్జీలు పక్కన పెట్టి చూస్తే, వంద యూనిట్ల ఇంటికి ఏపీలో రూ.304.50 పడుతుంది, తెలంగాణలో రూ.252.50 మాత్రమే. సరిగ్గా 200 దగ్గర కూడా తెలంగాణ బిల్లే తక్కువ. ఒక్క యూనిట్ పెరగగానే లెక్క తిరగబడుతుంది. గీతకు ఇవతల ఉన్నవారికి ఇచ్చే లాభాన్ని గీత దాటినవారి దగ్గర ఒకేసారి రాబట్టడం ఒక పద్ధతి, అందరి మీదా కొంచెం కొంచెంగా పరచడం రెండోది.

2024లో గృహజ్యోతి వచ్చాక తెలంగాణలోని ఆ గీత ఇంకా పదునెక్కింది. అర్హత ఉన్న ఇంటికి 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు. 201 అయితే ఆ ఒక్క యూనిట్‌కు కాదు, మొత్తానికీ కట్టాలి. పైన చూసిన రూ.1,027.70కి ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, యూనిట్‌కు ఆరు పైసల విద్యుత్ సుంకం కూడా తోడవుతాయి. అందుకే రీడింగ్ రోజు దగ్గరపడితే చాలా ఇళ్లలో ఇస్త్రీపెట్టె కూడా ఆగిపోతుంది.

ఇక్కడే ఇంకో అనుమానం వస్తుంది. రీడింగ్ మూడు రోజులు ఆలస్యంగా తీస్తే గీత దాటిపోమా? డిస్కంలు చెప్పేదాని ప్రకారం, శ్లాబు నిర్ణయించేది ఉత్త యూనిట్లను చూసి కాదు, వాటిని సగటు నెలకు కుదించి. ఏడాదిలోని 365 రోజులను పన్నెండుతో భాగిస్తే నెలకు 30.4 రోజులు. 33 రోజులకు 205 యూనిట్లు కాలితే, 205ను 33తో భాగించి 30.4తో హెచ్చవేయాలి. వచ్చేది 189. అంటే ఆ ఇల్లు రెండు వందల లోపు తరగతిలోనే ఉండాలి. బిల్లు మీద గత రీడింగ్ తేదీ, ఇప్పటి తేదీ రెండూ ఉంటాయి కనుక ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. తేడా కనిపిస్తే ఫిర్యాదుకు ఆ రెండు తేదీలే ఆధారం.

బిల్లు వచ్చేదాకా ఆగకుండా కూడా చూసుకోవచ్చు. గత బిల్లు వచ్చిన ఇరవయ్యో రోజున మీటరు మీది అంకె నుంచి గత రీడింగ్ తీసేస్తే అప్పటిదాకా కాలిన యూనిట్లు వస్తాయి. అది 130 దాటి ఉంటే, అదే తీరున వాడితే నెలాఖరుకు రెండు వందలకు అటూ ఇటూగా తేలుతుంది. మిగిలిన పది రోజుల్లో ఏసీని రెండు రాత్రులు ఆపితే మిగిలేది ఆ పన్నెండు యూనిట్ల ధరే కాకపోవచ్చు, మరో రెండు వందల రూపాయలు కూడా. అదే లెక్క అప్పటికే 250 దగ్గర ఉన్న ఇంటికి ఆ గీతతో ఇక పనిలేదు. ఆపిన ప్రతి యూనిట్‌కు మిగిలేది రూ.7.70 మాత్రమే.