సలహాకు సొమ్మిచ్చేదెవరు?

మాది పర్చూరు వైపు నల్లరేగడి పల్లె. ఉన్న నాలుగెకరాల్లో మిర్చి, కాస్త పత్తి. 2020 ఫిబ్రవరిలో మా నాన్న గుంటూరు యార్డులో టిక్కీలు అమ్మి ఇంటికొచ్చిన మూడో రోజునే, నాకు వరసకు మావయ్య అయ్యే బీమా ఏజెంటు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "బావా, చేతిలో డబ్బు నిలవదు. ఏడాదికి యాభై వేల చొప్పున ఇరవై ఏళ్ళు కట్టు, ముసలితనానికి ఆసరా" అన్నాడు. ఆ రోజే మొదటి ప్రీమియం ఇచ్చాం. 2021లో రెండోదీ కట్టాం. ఆ ఏటి పంట మీద నల్ల తామరపురుగు పడి పూతంతా రాలిపోయింది. 2022లో మూడోది కట్టలేక పాలసీ సరెండర్ చేస్తే, కట్టిన లక్షకు ముప్పయి అయిదు వేలు చేతికొచ్చాయి.

ఇంతవరకు పల్లెల్లో చాలామందికి తెలిసిన కథే. అసలు నష్టం మరోచోట ఉంది. పాలసీ తీసుకున్ననాటికి మాకు లక్షన్నర అప్పుంది, నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే ఏడాదికి 24 శాతం. మొదటి యాభై వేలు ఆ అప్పుకు జమ చేసివుంటే రెండేళ్ళలో 24 వేల వడ్డీ తప్పేది. రెండో యాభై వేలు జమ చేస్తే ఏడాదికి మరో 12 వేలు. లక్ష అప్పు తీరి, పైగా 36 వేలు మిగిలేవి. అంత వడ్డీని మించి రాబడినిచ్చే పొదుపు పాలసీ ఎక్కడా లేదు.

మావయ్య మోసగాడు కాడు. ఈమధ్య నేను అడిగితే దాచకుండా చెప్పాడు: మొదటి ప్రీమియం మీద ఆయనకొచ్చింది 25 శాతం, అంటే 12,500, రెండోదాని మీద 7.5 శాతం, 3,750. "అప్పు తీర్చుకోండి" అని సలహా ఇస్తే ఆయనకొచ్చేది సున్న. అందుకే మా అప్పు మాట ఆయన నోట రాలేదు. యార్డులో కమీషన్ వ్యాపారికి మన సరుకు ధర పెరిగితే తన కమీషనూ పెరుగుతుంది. ఇక్కడ అదీ లేదు. మనం మొదలుపెట్టడంలోనే ఏజెంటుకు ఎక్కువ లాభం.

అలాగని ఏజెంటును గుమ్మంలోనే ఆపనక్కరలేదు. బీమా ఏజెంటుకు కంపెనీ ఇచ్చిన నియామక పత్రం, మ్యూచువల్ ఫండ్లు అమ్మేవారికి ఏఆర్ఎన్ నంబరు ఉంటాయి, అవి చూడాలి. అంతకన్నా ముఖ్యం, సంతకం చేయించే లాభాల పట్టిక. అందులో ఏ ఏడు ఆపేస్తే ఎంతొస్తుందో అంకెల్లో ఉంటుంది. మేము చూడని కాగితం అదే. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం, పాలసీ చేతికందిన 30 రోజుల్లోగా వద్దనుకుంటే తిరిగిచ్చేయవచ్చు.

ఇక ఫీజు మాత్రమే తీసుకునే సలహాదారు. ఈయనకు మనమే డబ్బిస్తాం గనుక, అప్పు తీర్చమని చెప్పినా ఆయన ఫీజు ఆయనకుంటుంది. సెబీ 2013లో వీరికి నిబంధనలు పెట్టింది. రిజిస్ట్రేషన్ నంబరు INA అనే అక్షరాలతో మొదలవుతుంది. సెబీ వెబ్‌సైటులో పేరుతో సరిచూడవచ్చు. రాతపూర్వక ఒప్పందం ఉండాలి, ఫీజు బ్యాంకు ద్వారానే పోవాలి. నగదు అడిగినా, "రాబడికి గ్యారంటీ" అన్నా లేచి రావడమే. పంట ఎప్పుడొస్తుంది, అప్పెంత, ఒక ఏడు పంట పోతే ఎలా అని అడగకుండా పథకం గీసేవాడు నంబరున్నా మనకు పనికిరాడు. ఇబ్బంది ఏమంటే, ఇలాంటివారు పట్నాల్లోనే ఎక్కువ. ఏడాదికి యాభై వేలు మిగిల్చే ఇంటికి కొన్ని వేల ఫీజు బరువే. పొలం అమ్మినప్పుడో, పెద్ద మొత్తం ఒక్కసారిగా వచ్చినప్పుడో ఒకసారి అడగడం మేలని నా ఉద్దేశం.

మూడోది సొంత దారి. 2013 జనవరి నుంచి ప్రతి మ్యూచువల్ ఫండులోనూ డైరెక్ట్ ప్లాన్ ఉంది. ఫండు అదే, మధ్యవర్తి కమీషను మాత్రం ఉండదు. తేడా ఒక్క శాతమనుకున్నా లక్షకు ఏడాదికి వెయ్యి. అయితే ఇక్కడ పరీక్షించవలసింది మనల్నే. మా హాస్టల్లో కొందరు ఫోనులో వచ్చే చిట్కాలతో ఆప్షన్లు ఆడి, దాన్నే సొంత తెలివి అంటారు. సెబీ 2024లో ప్రకటించిన లెక్కలో, మూడేళ్ళలో అలా ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. నేను పెట్టుకున్న పరీక్ష చిన్నది: ఏది కొంటున్నాను, ఈ డబ్బు ఎప్పుడు కావాలి, సగం పోతే ఏం చేస్తాను అని నోటుబుక్కులో ముందుగా రాయాలి. రాయలేకపోతే కొనకూడదు. ఇంతవరకు రెండుసార్లు రాయలేక మానుకున్నాను.

మొన్న సంక్రాంతికి మావయ్య మరో పాలసీ కాగితాలతో వచ్చాడు. నాన్న కాఫీ ఇప్పించి, "ముందు ఆ పట్టిక తీయి బావా, రెండో ఏడు ఆపితే ఎంతొస్తుంది?" అన్నాడు. మావయ్య జేబులోంచి కళ్ళజోడు తీసి కాగితాలు తిరగేయడం మొదలుపెట్టాడు.