తరుగు, ఒదుగు: ప్లేటు మసాలా దోసె అసలు ఖరీదెంత?

నగల దుకాణంలో బిల్లు చేతికి రాగానే మనం ముందు చూసేది తరుగు ఎంత వేశారన్నదే. గ్రాము బంగారం ధర ఊరందరికీ తెలుసు. బేరమంతా తరుగు దగ్గరే. అంత జాగ్రత్తగల మనిషే టిఫిన్ కేఫ్ పెడితే మాత్రం బంగాళాదుంప తొక్కలో, కొత్తిమీర కాడల్లో, గ్రైండర్‌కు అంటుకున్న పిండిలో పోయే తరుగును మరిచిపోతాడు. పక్క హోటల్లో మసాలా దోసె 60 రూపాయలు కాబట్టి తనూ బోర్డు మీద 60 అని రాయిస్తాడు. రోజంతా రద్దీ ఉంటుంది, గల్లా నిండుతుంది. నెలాఖరున అద్దె, జీతాలు, కిరాణా బాకీ కట్టాక చేతిలో ఏమీ మిగలదు. డబ్బు ఎటు పోయిందో చెప్పగలిగేది కాస్టింగ్ షీట్ అనే పట్టిక ఒక్కటే. కొన్న సరుకు ధర దగ్గర మొదలై, గిన్నెలో తరుగు, ప్లేటులో గ్రాములు దాటుకుంటూ మెనూ ధర దాకా నడిచే లెక్క అది.

ఈ లెక్కను ఒక్క మసాలా దోసె మీద చేసి చూద్దాం. ఇక్కడి ధరలు ఉదాహరణ కోసం తీసుకున్నవి. మీ ఊరి ధరలు వేసుకున్నా పద్ధతి మారదు.

పిండిని కొలవద్దు, తూచండి

ఒక వాయికి దోసెల బియ్యం 3 కిలోలు, మినపగుళ్లు ఒక కిలో, అటుకులు 200 గ్రాములు, కాస్త మెంతులు, ఉప్పు. వీటన్నిటి ఖరీదు 300 రూపాయలు అనుకుందాం. నానబెట్టి, నీళ్లు పోసి రుబ్బితే సుమారు 10 కిలోల పిండి వస్తుంది. మన వాళ్లు "ఈ బియ్యం బాగా ఒదిగాయి" అంటారే, ఆ ఒదుగు ఇదే. నీళ్లు కలిసి బరువు పెరుగుతుంది, కిలో ఖరీదు తగ్గుతుంది.

పిండి పులిస్తే గాలి బుడగలతో పొంగి గిన్నె అంచు దాకా వస్తుంది. బరువు మాత్రం దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి లీటర్లలోనో గిన్నెల్లోనో కొలిస్తే పొద్దున ఒక లెక్క, సాయంత్రం ఒక లెక్క వస్తుంది. తూకమే నమ్మదగింది. 10 కిలోల్లో గ్రైండర్‌కు, గిన్నెలకు అంటుకుని 400 గ్రాములు పోతే పెనం దాకా వచ్చేది 9.6 కిలోలు. దోసెకు 120 గ్రాముల చొప్పున 80 దోసెలు. 300ని 80తో భాగిస్తే దోసెకు పిండి ఖర్చు 3.75 రూపాయలు.

తరుగును కూడితే తప్పు, భాగిస్తే ఒప్పు

ఇక లోపలి బంగాళాదుంప కూర. ఇక్కడ ఒదుగు బదులు తరుగు ఉంటుంది. 5 కిలోల దుంపలు ఉడకబెట్టి తొక్క తీస్తే 4.25 కిలోలే మిగిలాయి. అంటే నూటికి 15 వంతులు తరుగు. కిలో 30 రూపాయలకు కొన్న దుంప, కూరలో పడేసరికి ఎంతయింది? చాలామంది 30కి 15 శాతం కలిపి 34.50 అంటారు. అది తప్పు. 30ని 0.85తో భాగించాలి. అప్పుడు 35.29 వస్తుంది. తేడా చిన్నదే కదా అనిపిస్తుంది. కాడలు, వేళ్లు తీసేస్తే 40 శాతం పోయే కొత్తిమీర దగ్గర చూడండి. కిలో 100 రూపాయలైతే కూడిక లెక్కన 140, అసలు లెక్కన 166.67. మిగిలిన 600 గ్రాములే మొత్తం 100 రూపాయల బరువూ మోస్తాయి. అందుకే భాగహారం.

దుంపలు, ఉల్లిపాయలు, నూనె, పోపు దినుసులు అన్నీ కలిపి 280 రూపాయలు, వండిన కూర 5.6 కిలోలు. కిలో 50 రూపాయలు. దోసెలో పెట్టే 80 గ్రాములకు 4 రూపాయలు. ఉల్లిపాయల్లో నీరు పోపులోనే ఆవిరైపోతుంది కాబట్టి, పొయ్యి దించాక కూరను తూస్తేనే ఈ లెక్క సరిపోతుంది.

కొబ్బరి చట్నీ కూడా ఇలాగే. 4 కాయలు, పుట్నాల పప్పు, మిర్చి, పోపుతో 200 రూపాయలకు 4 కిలోలు తయారైతే 60 గ్రాములకు 3 రూపాయలు. సాంబారు 10 లీటర్లకు 350 రూపాయలైతే 150 మిల్లీలీటర్లకు 5.25. దోసె మీద వేసే నూనె 1.50. అన్నీ కూడితే ప్లేటుకు సరుకు ఖర్చు 17.50 రూపాయలు.

మూడు పేజీల పట్టిక

ఇదంతా ఎక్సెల్‌లోగానీ, ఫోన్‌లో గూగుల్ షీట్స్‌లోగానీ మూడు పేజీలుగా పెట్టుకోవచ్చు. మొదటిది ధరల పేజీ. సరుకు పేరు, కొన్న ధర, కొన్న బరువు గ్రాముల్లో, తరుగు పోగా మిగిలే వంతు, చివరి గడిలో వాడుకకు పనికొచ్చే గ్రాము ధర. రెండోది వంటల పేజీ. ఒక్కో వాయికి ఏ సరుకు ఎంత అన్నది అక్కడ ఉంటుంది. మూడోది మెనూ పేజీ. ప్లేటు ఖర్చు, అమ్మకం ధర, మిగులు అందులో వస్తాయి. వంటల పేజీలో ధరను చేత్తో రాయకూడదు. ధరల పేజీ నుంచే అది రావాలి. సూత్రాలు రెండే:

```
E2:  =B2/C2/D2
C5:  =VLOOKUP(A5,Prices!A:E,5,FALSE)*B5
```

మొదటిది ధరను బరువుతో, మిగిలే వంతుతో భాగించి గ్రాము ధర ఇస్తుంది. రెండోది సరుకు పేరు పట్టుకుని ఆ ధర తెచ్చి, వాడిన గ్రాములతో గుణిస్తుంది. చివరి FALSE వదిలేస్తే పేరు సరిగ్గా కలవకపోయినా వేరే సరుకు ధర తెచ్చిపెట్టి, తప్పు చేసినట్టు చెప్పకుండానే ఊరుకుంటుంది.

ఇంకో రెండు చోట్ల జాగ్రత్త కావాలి. ఈ సూత్రంతో వంటల పేజీలో రాసే బరువు తొక్క తీశాక ఉన్న బరువు అయి ఉండాలి. తొక్కతో కలిపి 5 కిలోలు రాస్తే తరుగు రెండుసార్లు పడుతుంది. నూనె విషయంలో లీటరును కిలో అనుకోకూడదు. లీటరు పొద్దుతిరుగుడు నూనె బరువు సుమారు 910 గ్రాములే, ప్యాకెట్ మీదా అదే రాసి ఉంటుంది.

మారు వడ్డన మింగేదెంత?

17.50 రూపాయలకు తయారై 60 రూపాయలకు అమ్ముడైతే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ మన టిఫిన్ కేఫ్‌లో చట్నీ, సాంబారు ఒక్కసారితో ఆగవు. "బాబూ, కాస్త చట్నీ" అంటే కాదనే ఆచారం మనకు లేదు, ఉండకూడదు కూడా. దాన్ని ఆపడం కాదు, లెక్కలో వేయడమే దారి. వారం పాటు రోజూ తయారుచేసిన చట్నీని తూచి, అమ్మిన ప్లేట్లతో భాగించండి. మధ్యాహ్నానికి పులిసి పారబోసిందీ అందులోనే వచ్చేస్తుంది. మన ఉదాహరణలో ప్లేటుకు 60 గ్రాములు అనుకున్న చట్నీ 90 గ్రాములు తేలింది. 150 మిల్లీలీటర్లు అనుకున్న సాంబారు 220 తేలింది. ఆ తేడా 3.95 రూపాయలు. ప్లేటు ఖర్చు 21.45కి చేరింది.

అటు రాబడిలోనూ కోత ఉంది. జీఎస్టీ కట్టే కేఫ్ బోర్డు మీది 60 రూపాయల్లోనే 5 శాతం పన్ను కలిపి ఉంటే, యజమానికి దక్కేది 60ని 1.05తో భాగించగా వచ్చే 57.14. ఈ 5 శాతం పద్ధతిలో, సరుకు మీద కట్టిన పన్నును తిరిగి సర్దుకునే వీలు లేదు. కాబట్టి ధరల పేజీలో పన్నుతో కలిపిన ధరే వేయాలి. ఇప్పుడు సరుకు ఖర్చు రాబడిలో 37.5 శాతం, మిగులు 35.69 రూపాయలు.

ఆ మిగులు లాభం కాదు. అద్దె 60,000, జీతాలు 1,50,000, గ్యాసు, కరెంటు 40,000, ఇతరాలు 20,000 అనుకుంటే నెలకు 2,70,000 రూపాయలు. రోజుకు 300 ప్లేట్ల చొప్పున 9,000 ప్లేట్ల మీద పంచితే ప్లేటుకు 30 రూపాయలు. మెనూలో మిగతావీ దోసె మాదిరిగానే మిగులుస్తాయనుకుంటే, చివరికి ఉండేది ప్లేటుకు 5.69. పన్నునూ మారు వడ్డననూ మరిచిన యజమాని మాత్రం తనకు 12.50 మిగులుతోందన్న నమ్మకంతో ఉంటాడు. నెల మీద ఒకటి 51,210, ఇంకొకటి 1,12,500.

కాయ ధర పెరిగిన రోజు

పేజీలను ముడిపెట్టిన ఫలం ఇప్పుడు తెలుస్తుంది. కొబ్బరికాయ 30 నుంచి 45 రూపాయలైంది. ధరల పేజీలో ఆ ఒక్క గడి మారిస్తే చట్నీ కిలో 50 నుంచి 65 అవుతుంది, ప్లేటుకు 1.35 పెరుగుతుంది. చట్నీ వెళ్లే ప్రతి వంటలో, ఇడ్లీ నుంచి పెసరట్టు దాకా, అదే క్షణంలో అంకె మారుతుంది. 9,000 ప్లేట్ల మీద అది 12,150 రూపాయలు. నెల లాభంలో దాదాపు నాలుగో వంతు కేవలం కొబ్బరి ధరతో పోయింది.

అప్పుడు ఏం చేయాలో పట్టిక చెప్పదు. దారులు మాత్రం కనిపిస్తాయి. చట్నీలో పుట్నాల పాలు కొంత పెంచవచ్చు, కొన్నాళ్లు పల్లీ చట్నీ ఇవ్వవచ్చు, లేదా ధర 5 రూపాయలు పెంచవచ్చు. ధర పెంచేటప్పుడు శాతం ఒక్కటే చూడకండి. 110 రూపాయల పనీర్ దోసెకు సరుకు 42 రూపాయలు పడితే అది రాబడిలో 40 శాతం, మసాలా దోసె కన్నా ఎక్కువే. కానీ మిగులు 62.76 రూపాయలు. పెనం మీద రెండూ ఆక్రమించేది ఒకే చోటు. అద్దె కట్టేది శాతాలతో కాదు, రూపాయలతో.

పట్టిక నిజం చెబుతోందా?

పట్టిక ఒకటి చెప్పి వంటగది ఇంకొకటి చేస్తుంటే ఎలా తెలుస్తుంది? వారం మొదట్లో ఉన్న నిల్వకు కొన్నది కలిపి, చివర మిగిలింది తీసేయండి. అది నిజంగా వాడిన సరుకు. బియ్యం 10 కిలోలు ఉంటే 50 కిలోలు కొన్నారు, 12 కిలోలు మిగిలింది. వాడింది 48 కిలోలు. ఆ వారం అమ్మిన దోసెలు 1,120. పట్టిక ప్రకారం 80 దోసెలకు 3 కిలోల చొప్పున 42 కిలోలే కావాలి. మిగతా 6 కిలోలు రెండు వాయిల పిండి, అంటే అమ్ముడుకాని 160 దోసెలు.

వెంటనే ఎవరినో అనుమానించకండి. ముందు గరిటెను అనుమానించండి. దోసె మాస్టర్ 120 బదులు 137 గ్రాములు పోస్తే ఈ తేడా మొత్తం దానితోనే సరిపోతుంది. అది కాకపోతే బాగా పులిసి పారబోసిన పిండి, మాడిన దోసెలు, బిల్లు లేకుండా సిబ్బంది తిన్న టిఫిన్లు ఒక్కొక్కటీ చూడాలి. వాటికి గోడ మీద ఒక పుస్తకం వేలాడదీసి, పారేసినప్పుడల్లా బరువు రాయిస్తే కారణం రెండు వారాల్లో బయటపడుతుంది.

కేఫ్ నడుపుతున్నవారు, పెట్టాలనుకుంటున్నవారు అన్ని వంటలకూ ఒకేసారి పట్టిక వేయనక్కర్లేదు. ఎక్కువ అమ్ముడయ్యే ఒక్క వంటతో మొదలుపెట్టండి. రేపు పొద్దున పెనం వేడెక్కకముందే, మాస్టర్ చేత పది గరిటెల పిండి ఒక గిన్నెలో పోయించి తూకం వేయండి. పదితో భాగించగా వచ్చిన అంకే మీ పట్టికలో రాయాల్సిన మొదటి అంకె.