లవ్ ఇద్దరిది, సోపతి అందరిది

మా ఊరి లైబ్రరీల ఆరుగురు కలిసి కానిస్టేబుల్ పరీక్షకు చదివేటోళ్లు. నలుగురు పోరగాళ్లు, ఇద్దరు ఆడపిల్లలు. పుస్తకాలు పంచుకునేది, మండలానికి ఒకే ఆటోల పోయేది. అండ్ల ఇద్దరు ఒకర్నొకరు ఇష్టపడ్డరు. ఏడాది కాకముందే ఆ పిల్ల వద్దనుకున్నది. అండ్ల తప్పేం లేదు. కానీ నెల రోజులల్ల జట్టు జట్టే చెదిరింది. ఎట్ల చెదిరిందో దగ్గరుండి చూసిన.

ఆ పోరడు రెండో ఆడపిల్లను పోస్ట్‌మ్యాన్‌ను చేసిండు. "నువ్వన్న జర అడుగు, ఏమంటదో" అని రోజూ పంపుడే. మోసేకాడ మాట మారుతది. "కొన్నాళ్లు మాట్లాడకుండ ఉందాం" అన్న మాట, అటు చేరెటాళ్లకు "నీ మొకం చూడదట" అయింది. అటెన్క ఆయన పాత చాటింగ్ స్క్రీన్‌షాట్లు దోస్తులకు చూపిండు. వాళ్లు తీర్పు చెప్పిండ్రు. ఆ పిల్ల లేకుండ ఇంకో వాట్సాప్ గ్రూప్ పెట్టిండ్రు. ముచ్చట ఇంటిదాక పోయింది, ఇంట్లోళ్లు లైబ్రరీ బంద్ చేయించిండ్రు. మన ఊర్లల్ల ఆడపిల్ల గడప దాటేది జట్టును చూపిచ్చే కదా. జట్టు పోతె చదువు గూడ పోతది.

అందుకే ఇష్టమని చెప్పుకున్న దినమే ఇద్దరు ఒక మాట అనుకోవాలె: మన లొల్లి దోస్తుల నడుమకు తేవద్దు, స్క్రీన్‌షాట్ ఎవరికీ చూపొద్దు. విడిపోతె ఇద్దరు కలిసి ఒకటే ముక్క చెప్పాలె: "మేం విడిపోయినం, తప్పెవరిదని అడగకుండ్రి, ఇద్దరితోని ఎప్పటిలెక్కనే ఉండుండ్రి." కడుపుల బాధ చెప్పుకోవాల్నంటె జట్టు బయటి మనిషిని చూసుకోవాలె.

దోస్తుల పని గూడ ఉన్నది. ఎవరినీ గ్రూప్‌లకెళ్లి తీయొద్దు. ఎదురుపడుడు కష్టమైతె ఒక నెల ఒకరు పొద్దుగాల, ఒకరు సాయంత్రం లైబ్రరీకి రావొచ్చు. పుస్తకాలు మాత్రం ఇద్దరికీ అందాలె. మునుపటిలెక్క ఆ ఇద్దరు మాట్లాడుకోకపోవచ్చు. బలవంతంగ కలపొద్దు. మిగిలిన నలుగురి సోపతి నిలవడితె సాలు.

ఒక్కకాడ మాత్రం "మాకు ఇద్దరూ సమానమే" అనొద్దు. వద్దన్నంక వెంటపడుడు, ఫోటోలు బయటపెడ్తనని బెదిరిచ్చుడు లవ్ కాదు, నేరం. ఆడపిల్ల వద్దని తేల్చి చెప్పినంక మళ్లమళ్ల వెంటపడితె భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద కేసైతది. అప్పుడు దోస్తులు ఆమె దిక్కే నిలవడాలె, అవసరమైతె షీ టీమ్స్ దగ్గరికి తోడు పోవాలె.

మొన్న ఆ రెండో ఆడపిల్ల కలిసింది. "అన్నా, 'మీ ముచ్చట మీరే మాట్లాడుకోండ్రి' అని మొదటి దినమే అంటె అయిపోతుండె" అన్నది. ఇప్పుడు ఆమె ఒక్కతే చదువుకుంటున్నది.