పాత హైరూల్, కొత్త సీడ్

1998లో నింటెండో 64 మీద వచ్చిన ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా: ఆకరీనా ఆఫ్ టైమ్’ను రెండు మూడుసార్లు పూర్తిచేసినవాళ్లకు అందులో ఏ పెట్టెలో ఏముందో కంఠతా వచ్చేస్తుంది. శ్మశానంలో డాంపే ఆత్మతో పరుగు పందెం గెలిస్తే హుక్‌షాట్ చేతికొస్తుంది. విల్లు ఫారెస్ట్ టెంపుల్లో, పెద్ద సుత్తి ఫైర్ టెంపుల్లో ఉంటాయి. వెతకడంలో ఉన్న ఆనందం అక్కడితో అయిపోతుంది. ఆ ఆటను ప్రేమించినవాళ్లే దానికి రాండమైజర్ రాశారు. ఊళ్లు, గుహలు, శత్రువులు అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి కానీ వస్తువులు చోట్లు మారతాయి. కోకిరి అడవిలో మీడో ఇంట్లో నాలుగు పెట్టెలుంటాయి. అసలు ఆటలో వాటిలో దొరికేది చిల్లర రూపీలు, ఒక గుండె. రాండమైజర్‌లో వాటిని తెరవకుండా ముందుకెళ్లే సాహసం ఎవరూ చేయరు. హుక్‌షాట్ అక్కడే ఉండొచ్చు మరి.

ఇది పేకముక్కలు కలిపినట్టు కలిపేసి వదిలేసే పని కాదు. అలా వదిలేస్తే చాలా ఆటలు మధ్యలోనే ఆగిపోతాయి. ఫారెస్ట్ టెంపుల్ గుమ్మం దగ్గర మెట్లు విరిగిపోయి ఉంటాయి. పైనున్న కొమ్మకు హుక్‌షాట్ విసిరి ఎక్కితేనే లోపలికి దారి. ఆ హుక్‌షాట్టే టెంపుల్ లోపల ఉంటే ఇక ఆట ముందుకు సాగదు. ఇలాంటి చిక్కుముడి పడకుండా చూసే భాగాన్ని లాజిక్ అంటారు. రాండమైజర్‌కు ప్రాణం అదే, కాబట్టి అది ఎలా పనిచేస్తుందో కాస్త నిదానంగా చూద్దాం.

ఆటగాడి చేతిలో ముఖ్యమైన వస్తువులన్నీ ముందే ఉన్నాయని ప్రోగ్రామ్ అనుకుంటుంది. వాటిలోంచి ఒకదాన్ని తీసేస్తుంది. మిగిలినవాటితో ఎక్కడెక్కడికి వెళ్లగలమో లెక్కవేసి, ఆ చోట్లలో ఒకదాన్ని ఎంచుకుని తీసిన వస్తువును అక్కడ పెడుతుంది. తర్వాత ఇంకో వస్తువు తీస్తుంది. చేతిలో సరుకు తగ్గేకొద్దీ వెళ్లగలిగే చోట్లూ తగ్గుతాయి. కాబట్టి చివర్లో తీసిన వస్తువులు ఆట మొదట్లోనే అందే చోట్లకు చేరతాయి. ఏ వస్తువైనా సరే, అది లేకుండానే చేరగలిగే చోటే దానికి దక్కుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఈ రాండమైజర్‌లో హుక్‌షాట్‌లు రెండు. మొదట దొరికింది మామూలు హుక్‌షాట్ అవుతుంది, రెండోది దొరకగానే అది పొడవాటి లాంగ్‌షాట్‌గా మారుతుంది. ప్రోగ్రామ్ ముందు ఒకటి తీసింది అనుకుందాం. రెండోది ఇంకా చేతిలోనే ఉంది కనుక ఫారెస్ట్ టెంపుల్లోకి దారి ఉంది. తీసినదాన్ని టెంపుల్లోని ఒక పెట్టెలో పెట్టింది. కాసేపటికి రెండోదాని వంతు వచ్చింది. ఇప్పుడు చేతిలో ఒక్కటీ లేదు, టెంపుల్ తలుపు మూసుకున్నట్టే. కాబట్టి ఇది కచ్చితంగా బయటే ఎక్కడో ఉండాలి. మీడో ఇంటి పెట్టెలో పడింది. ఆడేవాడికి మీడో ఇంట్లో హుక్‌షాట్ దొరుకుతుంది. చిన్న లింక్ దాన్ని వాడలేడు. పెద్దవాడయ్యాక దానితో టెంపుల్లోకి వెళ్తే, లోపల లాంగ్‌షాట్ ఎదురుచూస్తుంటుంది.

ఆట పూర్తవుతుందన్న హామీ మాత్రమే లాజిక్ ఇస్తుంది. తొందరగా పూర్తవుతుందని చెప్పదు. ఒక్క వస్తువు కోసం మ్యాప్ అంతా గాలించాల్సిన సీడ్‌లూ పడతాయి. ఇంకో సంగతి. సెట్టింగుల్లో ట్రిక్కుల పట్టిక ఒకటి ఉంటుంది, అంటే కష్టమైన గెంతులు, పక్కదారులు. ఒక ట్రిక్కును ఎంచుకుంటే, అది మీకు చేతనవునని లాజిక్ నమ్మేస్తుంది, ఆటను దాని మీదే ఆధారపడేలా అమర్చవచ్చు. చేయలేని ట్రిక్కును ఆ పట్టికలో ముట్టుకోకపోవడమే మంచిది.

ఇక ఏర్పాటు సంగతి. రాండమైజర్‌తో పాటు అసలు ఆట రాదు. మీ సొంత కార్ట్రిడ్జ్ నుంచి తీసిన రామ్ ఫైల్ మీ దగ్గరే ఉండాలి. ఏ రామ్ పడితే అది పనిచేయదు. అమెరికాలోనో జపాన్‌లోనో విడుదలైన 1.0 వెర్షన్ కావాలి. తర్వాతి వెర్షన్లలోనూ, యూరప్ విడుదలలోనూ ఫైల్ లోపలి సర్దుబాటు వేరు కనుక రాండమైజర్ వాటిని మొదటి అడుగులోనే తిరస్కరిస్తుంది. ఫైల్ పేరు చివర `.z64` గానీ `.n64` గానీ ఉంటుంది, సైజు 32 ఎంబీ. “రామ్ సరైనది కాదు” అన్న ధోరణిలో సందేశం వస్తే రాండమైజర్‌ను మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి లాభం లేదు. లోపం ఆ ఫైల్‌లోనే ఉంటుంది.

ఆ పైన రెండు దారులున్నాయి. మొదటిది `ootrandomizer.com`. అక్కడ సెట్టింగులు ఎంచుకుని సీడ్ తయారుచేయించి, మీ రామ్ ఫైల్ చూపిస్తే మార్పులు బ్రౌజర్‌లోనే జరుగుతాయి. ఇన్‌స్టాల్ చేయాల్సింది ఏమీ ఉండదు. కొత్తవాళ్లకు ఇదే మేలు. రెండోది సొంత కంప్యూటర్‌లో నడుపుకోవడం. దానికి పైథాన్, నోడ్ జేఎస్ రెండూ ముందే ఉండాలి. రాండమైజర్ సోర్స్‌ను దించుకుని, ఆ ఫోల్డర్‌లో ఈ కమాండ్ ఇవ్వాలి:

```
python Gui.py
```

మొదటిసారి కిటికీ తెరుచుకోవడానికి చాలా సేపు పడుతుంది. తెరకు కావలసిన భాగాలను అది అప్పుడే దించుకుంటుంది, ఇంటర్నెట్ ఉండాలి. పని ఆగిపోయిందనుకుని మధ్యలో మూసేయకండి. కిటికీ తెరుచుకున్నాక రామ్ ఫైల్‌నూ, కొత్త ఫైల్ ఏ ఫోల్డర్‌లోకి రావాలో దాన్నీ చూపించాలి. ఆపైన ప్రీసెట్లలో `Default / Beginner` ఎంచుకోవడం మంచిది. అందులోనే `Hell Mode` అన్న ప్రీసెట్ కూడా కనిపిస్తుంది. పేరుకు తగ్గట్టే ఉంటుంది కాబట్టి, మొదటిసారి దాని జోలికి పోవద్దు.

తయారైన ఫైల్‌ను ఎమ్యులేటర్‌లో తెరిచేటప్పుడు మెమరీ 8 ఎంబీ ఉండేలా చూసుకోవాలి. అసలు నింటెండో 64లో 4 ఎంబీయే ఉండేది, ఎక్స్‌పాన్షన్ పాక్ తగిలిస్తేనే 8 అయ్యేది. ‘ఆకరీనా’కు 4 ఎంబీ సరిపోయింది, రాండమైజర్‌కు చాలదు. అసలు ఆట సాఫీగా నడిచి, రాండమైజ్ చేసినది మాత్రం నల్లతెర దగ్గర ఆగిపోతే ముందుగా చూడాల్సింది ఈ మెమరీ సెట్టింగే.

సీడ్ అంటే అక్షరాలు, అంకెలు కలిసిన చిన్న మాట. మీరు ఇవ్వకపోతే ప్రోగ్రామే ఒకటి పుట్టిస్తుంది. ఇద్దరు సీడ్ ఒకటే కొట్టారు కనుక ఆట కూడా ఒకటే అవుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. ఎంచుకున్న సెట్టింగులన్నీ కుదించి రాసిన ఒక పొడవాటి అక్షరాల వరుస ఉంటుంది, తెర మీద దాని పేరు `Settings String`. ప్రోగ్రామ్ ఆ వరుసనూ, తన వెర్షన్ నంబరునూ, సీడ్‌నూ కలిపి, అందులోంచి ఒక పెద్ద సంఖ్యను లెక్కకడుతుంది. వస్తువుల అమరికంతా ఆ సంఖ్య నుంచే మొదలవుతుంది. ఈ మూడింట్లో ఒక్క అక్షరం మారినా కొద్దిగా తేడా రావడంతో ఆగదు, ఆటే పూర్తిగా వేరైపోతుంది. వస్తువుల జాబితా రాసిపెట్టే స్పాయిలర్ లాగ్ కావాలా వద్దా అన్న చిన్న ఎంపిక కూడా సెట్టింగుల్లో భాగమే. లింక్ చొక్కా రంగు, పాటల ధ్వనుల్లాంటి అలంకారాలు మాత్రం ఈ లెక్కలోకి రావు. అవి ఎవరికి నచ్చినట్టు వాళ్లు పెట్టుకోవచ్చు.

హైదరాబాద్‌లో ఒకరు, డాలస్‌లో ఒకరు ఆదివారం పందెం పెట్టుకున్నారనుకుందాం. సొంత కంప్యూటర్లలో నడుపుకునేవాళ్లయితే ఒకరు ఇంకొకరికి పంపాల్సినవి మూడే: వెర్షన్, సెట్టింగ్స్ స్ట్రింగ్, సీడ్. స్ట్రింగ్‌ను చేత్తో టైప్ చేయకుండా కాపీ చేసి పంపాలి. చాట్ యాప్‌లో ముందో వెనకో ఒక ఖాళీ గానీ, మధ్యలో లైన్ విరుపు గానీ చేరిందేమో చూసుకోవాలి. వెబ్‌సైట్‌లో తయారుచేస్తే ఆ సీడ్ పేజీ లింక్ పంపితే సరిపోతుంది, వెర్షన్ తేడా సమస్యే రాదు. తయారైన `.z64` ఫైల్‌ను మాత్రం పంపకూడదు. అందులో నింటెండో ఆట మొత్తం ఉంటుంది. ఫైలే పంపాలనుకుంటే `.zpf` అనే ప్యాచ్ ఉంది. మార్పులు మాత్రమే అందులో ఉంటాయి, అవతలివాళ్లు తమ సొంత రామ్ మీద దాన్ని వేసుకుంటారు.

ఇద్దరి దగ్గరా ఒకే ఆట ఉందో లేదో తేల్చుకోవడానికి రాండమైజర్ రాసినవాళ్లు చక్కటి ఏర్పాటు చేశారు. ఆట తెరవగానే సేవ్ ఫైల్ ఎంచుకునే తెర మీద వరుసగా అయిదు బొమ్మలు కనిపిస్తాయి. కప్ప, రంపం, బాస్ తాళంచెవి, పుట్టగొడుగు, అద్దపు డాలు లాంటివి. మొదటి బటన్ నొక్కేముందే ఫోన్‌లో చదువుకోవాలి.

“నాకు కప్ప, రంపం, తాళంచెవి, కోడి, డాలు.”

“నాకు నాలుగోది కోడి కాదురా, పుట్టగొడుగు. ఆగు, మొదలెట్టకు.”

వరుసలో ఒక్కటి తేడాగా ఉన్నా అవి రెండు వేర్వేరు ఆటలు. అప్పుడు ముందు వెర్షన్ నంబర్లు పోల్చుకోవాలి. ఒకరు కొత్త వెర్షన్‌కు మారి ఇంకొకరు పాతదాంట్లోనే ఉండిపోవడం తరచుగా జరుగుతుంది. ఆ తర్వాత స్ట్రింగ్ చూడాలి.

మొదటి పందేనికి సెట్టింగుల్లో శ్రద్ధగా మాట్లాడుకోవాల్సింది గానన్ కోటకు వేసే ఇంద్రధనుస్సు వంతెన గురించి. అది ఎప్పుడు తెరుచుకోవాలో మనమే నిర్ణయించవచ్చు. మూడు ఆధ్యాత్మిక రాళ్లు చాలంటే, అవి ఏ డంజన్‌లలో పడినా ఆ మూడూ సంపాదిస్తే సరిపోతుంది, ఆట చిన్నదవుతుంది. ఆరు మెడాలియన్లూ కావాలంటే ఒక పూటలో తేలకపోవచ్చు. తాళంచెవులు వాటి వాటి డంజన్‌లలోనే ఉంచాలా, ప్రపంచమంతా చల్లాలా అన్నది తర్వాతి ప్రశ్న. చల్లితే వాటర్ టెంపుల్‌కు చెందిన చిన్న తాళంచెవి ఎడారిలో దొరకొచ్చు. వెతుకులాట ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది. కొన్ని ఆటలు గడిచాకే దాని జోలికి వెళ్లాలని నా అభిప్రాయం.

వెతుకులాటలో దారి చూపేవి గాసిప్ స్టోన్స్. అసలు ఆటలో ఊసుపోక కబుర్లు చెప్పే ఆ రాళ్లు ఇక్కడ సూచనలిస్తాయి. ఒక ప్రాంతం వీరుడి దారిలో ఉందని రాయి చెబితే, గెలవడానికి తప్పనిసరైన వస్తువు అక్కడుందని అర్థం. ఫలానా చోట గాలించడం తెలివితక్కువ పని అని చెబితే అక్కడికి వెళ్లనక్కర్లేదు. పందెంలో వెనకబడినవాడు తరచుగా రాళ్లను దాటేసి పరిగెత్తినవాడే అయ్యుంటాడు.

పందెం ముగిసేదాకా స్పాయిలర్ లాగ్ ఎవరూ తెరవకూడదు. వెబ్‌సైట్‌లో దాన్ని తాళం వేసి ఉంచే వీలుంది, సీడ్ తయారుచేసినవాడు కూడా అప్పుడు పోటీలో కూర్చోవచ్చు. అయిపోయాక మాత్రం తప్పక చదవాలి. అది మామూలు టెక్స్ట్ ఫైల్, చివర్లో `:playthrough` అనే భాగం ఉంటుంది. ఖాళీ చేతులతో అందేవి ఏవి, అవి దొరికాక అందేవి ఏవి అని గెలుపు దారిని వంతులవారీగా అది రాసి చూపిస్తుంది. నువ్వు గంటసేపు తిరిగిన డెత్ మౌంటెన్‌లో అవసరమైనదేదీ లేదనీ, మీడో ఇంట్లో తెరవకుండా వదిలేసిన నాలుగో పెట్టెలోనే హుక్‌షాట్ ఉందనీ అందులో తెలుస్తుంది. అది చదివాక ఇద్దరూ ఫోన్‌లో గంటసేపు వాదించుకోవచ్చు, డాలస్‌లో తెల్లవారేదాకా.