జాకెట్టు సిద్ధమైతే కబురు: కౌంటర్ దగ్గరి చిన్న నోటీసు

శ్రావణమాసం వచ్చిందంటే లేడీస్ టైలర్ షాపుల్లో ఫోన్ మోగుతూనే ఉంటుంది. "నా జాకెట్టు అయిందా?" అన్నదే ప్రశ్న. కత్తెర పక్కన పెట్టి, బిల్లు నంబరు అడిగి, సంచులు వెతికి జవాబు చెప్పేసరికి కుట్టాల్సిన పని ఆగిపోతుంది. మరోపక్క, కుట్టు పూర్తయిన జాకెట్లు సంగతి తెలియక హ్యాంగర్లకే వేలాడుతుంటాయి. చాలామంది దుకాణదారులు దీనికి వాట్సాప్‌ను వాడుకుంటున్నారు. అయితే వాడే పద్ధతిలోనే తేడా వస్తుంది.

అందరికీ మొదట తట్టేది గ్రూపు. బిల్లు పుస్తకంలోని నంబర్లన్నీ కలిపేస్తే పని అయిపోతుందనిపిస్తుంది. కానీ గ్రూపులో ఒకరి నంబరు మిగతా అందరికీ కనిపిస్తుంది. లేడీస్ టైలర్ దగ్గరికి వచ్చేవాళ్లంతా ఆడవాళ్లే. ఎవరో తెలియని మనిషి చేతికి తమ నంబరు వెళ్లడం వాళ్లు ఒప్పుకున్న సంగతి కాదు. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో నంబర్లు బయటపడవు గానీ, షాపు నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. పైగా ఒకరి జాకెట్టు అయిందన్న కబురు అందరికీ ఎందుకు? ఇది ఎవరి చాట్‌లో వారికి విడిగా పంపాల్సిన కబురు.

అందుకే కౌంటర్ మీద ఒక నోటీసు పెట్టి, ఇష్టమైనవాళ్లనే చేరమనడం మేలు. నోటీసు ఇలా ఉంటే సరిపోతుంది:

"మీ బట్టలు సిద్ధం కాగానే వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపుతాం. కావాలనుకుంటే ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, మీ బిల్లు నంబరు రాసి పంపండి. మీ నంబరును ఈ కబురుకే వాడతాం. ఆఫర్లు పంపం, ఎవరికీ ఇవ్వం. వద్దనుకున్నప్పుడు అదే చాట్‌లో 'ఆపండి' అని పంపండి, లేదా కౌంటర్ దగ్గర చెప్పండి. చేరకపోయినా, మానేసినా మీ బట్టలు బిల్లు మీది తేదీకే ఇస్తాం."

ఇందులో కీలకమైనది, మొదటి మెసేజ్ కస్టమరే పంపడం. హడావిడిలో చెప్పిన పది అంకెల్లో ఒకటి తప్పుగా రాసుకుంటే, కబురు వేరే ఇంటికి పోతుంది. కస్టమరే పంపితే ఆ పొరపాటుకు తావుండదు. ఆమె ఒప్పుకుందనడానికి తేదీతో సహా రుజువు కూడా ఆ చాట్‌లోనే ఉంటుంది. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో క్యూఆర్ కోడ్ ఉచితంగానే తయారవుతుంది. స్కాన్ చేయగానే "బిల్లు నంబరు:" అన్న మాట ముందే కనిపించేలా పెట్టుకోవచ్చు. అంకెలు కొట్టి పంపడమే మిగులుతుంది.

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెప్పేదీ ఇలాంటిదే. నంబరు ఎందుకు తీసుకుంటున్నారో స్పష్టంగా చెప్పాలి, ఒప్పుకోవడం ఎంత తేలికో మానుకోవడమూ అంతే తేలిక కావాలి. 2025 నవంబరులో నిబంధనలు వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు.

అసలు పరీక్ష "ఆపండి" అన్న మెసేజ్ వచ్చినప్పుడే. పెద్ద కంపెనీలు వాడే వ్యవస్థల్లో ఆ పని దానంతటదే జరిగే ఏర్పాటు ఉండొచ్చు. చిన్న షాపు ఫోన్‌లో మాత్రం ఎవరో ఒకరు చూసి చేయాల్సిందే. ఉదాహరణకు 412వ నంబరు బిల్లు తీసుకుందాం. రెండు జాకెట్లు, ఒక చీరకు ఫాల్, పీకో. చేరినప్పుడు ఆ చాట్‌కు "కబురు పంపాలి" అని లేబుల్ పెట్టారు. మూడు రోజులకు ఆమె "ఆపండి" అంది. అప్పుడు ఆ లేబుల్ తీసేసి, "సరేనండి, ఇక మెసేజ్ పంపం. బట్టలు బిల్లు తేదీకి సిద్ధంగా ఉంటాయి" అని ఒక్క జవాబిచ్చి ఊరుకోవాలి. బిల్లు పుస్తకంలో 412 పక్కన "మెసేజ్ వద్దు" అని రాయడమూ అంతే అవసరం. లేకపోతే ఆ రోజు కౌంటర్‌లో కూర్చున్న కుర్రాడు పుస్తకం చూసి, అలవాటుగా మెసేజ్ పెట్టేస్తాడు.

కస్టమర్లు అందరూ "ఆపండి" అనే రాయరు. "వద్దు", "స్టాప్", "మెసేజ్‌లు పెట్టకండి" అన్నా అర్థం ఒకటే. కారణం అడగకూడదు. నోటీసులోని మాట తప్పి దసరా డిస్కౌంట్ మెసేజ్ పంపితే, కొందరు నేరుగా నంబరును బ్లాక్ చేస్తారు, రిపోర్టూ చేస్తారు. రిపోర్టులు ఎక్కువైతే షాపు ఖాతానే వాట్సాప్ నిలిపేయవచ్చు. డిస్కౌంట్ల సంగతి చెప్పాలనుకుంటే దానికి వేరే నోటీసు పెట్టి, వేరుగా ఒప్పుకోమని అడగాలి.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు, ఇంట్లో ఒకే ఫోన్ పంచుకునేవాళ్లూ ఉంటారు. భర్త ఫోన్‌కో కొడుకు ఫోన్‌కో వెళ్లే మెసేజ్‌లో బట్టల వివరాలు, కొలతలు రాయకుండా "బిల్లు 412 సిద్ధం, రాత్రి 8 లోపు రావచ్చు" అంటే చాలు. మానేసిన కస్టమర్ మళ్లీ చేరాలనుకుంటే, కొత్త బిల్లు నంబరు పంపితే సరి.